కారణాల గడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అటెండర్ బిక్షం దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. నా పేరు మేబెల్. సికింద్రాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. విద్యార్థుల వ్యాపార ప్రణాళికల పోటీ పదకొండేళ్లుగా నా నెత్తిన ఉంది. ఎవరో పెట్టింది కాదు, నేనే లాక్కుని పెట్టుకున్నాను. ఎందుకంటే నా చేతికి రాకముందు ఆ పోటీలో మార్కులు మొహం చూసి వేసేవాళ్లు. ఇంగ్లిషు గడగడా మాట్లాడి, కోటు వేసుకొచ్చిన పిల్లాడికి బహుమతి. ఓ ఏడాది అలా గెలిచినవాడు రెండు లక్షలు తీసుకెళ్లి బైకు కొనుక్కున్నాడు. ఆ కడుపుమంటతోనే నేను మార్కుల పత్రం తయారుచేశాను.

పత్రం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మూడు అంశాలు. ఈ పని నిజంగా జరుగుతుందా అనేదానికి నలభై, డబ్బు లెక్కలకు ముప్పై ఐదు, మార్కెట్ అవగాహనకు ఇరవై ఐదు. ప్రతి అంశానికీ జడ్జి పదికి మార్కు వేస్తాడు. ఆ మార్కును అంశం బరువుతో హెచ్చవేసి పదితో భాగిస్తాం. మొదటిదాంట్లో పదికి ఏడు వస్తే ఇరవై ఎనిమిదన్నమాట. మూడూ కలిపితే నూటికి ఎంతో తేలుతుంది. ముగ్గురు జడ్జీల సగటు డెబ్బై తాకితే పూర్వ విద్యార్థుల నిధి నుంచి రెండు లక్షలు ఇస్తారు. ఏడాదికి ముగ్గురికి మించి ఇవ్వరు.

అసలు నా గర్వమంతా మార్కు పక్కన ఉన్న చిన్న గడిది. దాంట్లో కారణం రాయాలి. కారణం లేని మార్కును నేను తీసుకోను. ఒకాయన అలిగి వెళ్లిపోయాడు కూడా, పోనీ అనుకున్నాను. పోటీ అయ్యాక ప్రతి విద్యార్థికీ, గెలిచినా ఓడినా, మూడు పత్రాల నకళ్లు చేతికిస్తాం. పత్రం అడుగున లావు అక్షరాలతో ఇంకో మాట వేయించాను: ఒక లోపానికి ఒక్క చోటే కోత. ఒకే లోపాన్ని మూడు అంశాల్లోనూ చూసి మూడుసార్లు కోస్తే మంచి ప్రణాళిక కూడా మునిగిపోతుంది. కొత్త జడ్జీలకు ఇది ప్రతి ఏడాదీ నిలబడి మరీ చెబుతాను.

ఈ జనవరిలో పన్నెండు ప్రణాళికలు వచ్చాయి. నాతో పాటు ఇద్దరు జడ్జీలు. కామరాజు గారు బ్యాంకులో అప్పుల విభాగం మేనేజరుగా రిటైరయ్యారు. తిరుమల్‌కు రాంగోపాల్‌పేట్‌లో పరదాలు, పరుపుల బట్టల దుకాణం ఉంది. మా పాత విద్యార్థే, ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాడు. ఇప్పుడు నలుగురికి జీతాలిస్తున్నాడు, నా పక్క కుర్చీలో కూర్చుంటాడు.

భోజనాలయ్యాక తొమ్మిదో అమ్మాయి వచ్చింది. నవత, బీకాం ఆఖరి ఏడాది. నా క్లాసులో నోరు విప్పిన గుర్తు లేదు. వాళ్లమ్మ పుష్పమ్మ తిరుమలగిరి కంటోన్మెంటు క్వార్టర్స్‌లో ఇంటింటికీ తిరిగి బట్టలు కుడుతుందని ప్రణాళిక మొదటి పేజీలోనే రాసింది. ప్రణాళిక ఏమిటంటే పాత కర్టెన్లు.

"ఆర్మీ ఫ్యామిలీస్ రెండు మూడేళ్లకోసారి పోస్టింగ్ మీద పోతరు మేడం," అంది, కాగితం చూడకుండా. "పొయ్యేటప్పుడు కర్టెన్లు ఇడిచిపెడతరు. కొత్త ఊర్ల కిటికీ సైజు వేరే ఉంటది గద. మల్ల గా ఇంట్లకే కొత్త ఫ్యామిలీ వస్తది. వాళ్ల దగ్గరున్న కర్టెన్లు ఈడ సరిపోవు. మనుషులు ట్రాన్స్‌ఫర్ అయితరు, కిటికీలు గావు. పాతోళ్ల దగ్గర కొని, ఉతికి, రిపేర్ చేసి, కొత్త సామాన్ల ట్రక్కు దిగిన రోజే పోయి తగిలిస్త. కొత్తవాటిల సగం ధరకు."

కామరాజు గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "కిటికీల కొలతలు నీకెలా తెలుసు?"

"అయిదు రకాల ఇండ్లున్నయి సార్. అమ్మతోని పోయి అన్నీ కొలిచిన. ఎనిమిదో పేజీల ఉన్నయి."

నేను ఎనిమిదో పేజీ తిప్పాను. కొలతలున్నాయి. తొమ్మిదో పేజీ తిప్పాను. నెలవారీ డబ్బు రాకపోకల పట్టిక. మార్చి, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో అమ్మకాలున్నాయి. జులై నుంచి వచ్చే ఫిబ్రవరి దాకా అమ్మకాల వరుసలో సున్నా, సున్నా, సున్నా. ఎనిమిది సున్నాలు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నుంచి ఎనిమిది ప్రణాళికలు విన్న ఒళ్లు మరి. "ఏందమ్మా ఇది? ఏడాదిలో ఎనిమిది నెలలు దుకాణం మూసుకుని కూర్చుంటవా?"

"పిల్లల స్కూలు పరీక్షలైనంకనే మారుతరు మేడం. మిగతా నెలల్ల ఒకటీ అరా ఉంటయి, గవి లెక్కల పట్టుకోలే. ఖర్చు మాత్రం రాసిన, గది కిరాయి, మిషన్ సర్వీసు. ఫిబ్రవరి ఆఖరుకు చేతుల మూడు వేల రెండు వందలు మిగులుతయి. అంతకన్న తక్కువకు పోదు."

"మార్చిలోపు డబ్బు రాకపోతే?"

"ఈ సీజన్ పోతది మేడం. మల్ల ఏడాదికి నేను స్టూడెంట్‌ను గాను, ఈ పోటీల రానీయరు." అంతే చెప్పింది. గొంతులో బతిమాలడం లేదు.

ఆమె వెళ్లగానే పత్రం నింపాను. పని జరుగుతుందా: అయిదు. డబ్బు లెక్కలు: నాలుగు. మార్కెట్: ఆరు. గడుల్లో కారణాలు బరబరా రాసేసి పదో ప్రణాళికకు వెళ్లిపోయాను.

సాయంత్రం నాలుగున్నరకు అందరూ అయిపోయారు. పిల్లలు బయట వరండాలో కూర్చున్నారు. బిక్షం టీ తెచ్చాడు. ముగ్గురం పత్రాలు బల్ల మీద పరిచాం. సంతకాలు పెట్టేదాకా మార్కులు మార్చుకోవచ్చు, కాని ఎందుకు మార్చామో గడిలో రాయాలి, కొట్టేసింది కనిపించాలి. ఒకే అంశంలో ఇద్దరి మధ్య మూడు మార్కులకు మించి తేడా వస్తే తప్పనిసరిగా మాట్లాడుకోవాలి. అది కూడా నా నిబంధనే.

అప్పటికి ఇద్దరు డెబ్బై దాటారు. ఇంకొక్కరికి చోటుంది. నవత పత్రాలు తీశాం. నావి నలభై తొమ్మిది, కామరాజు గారివి డెబ్బై ఏడు, తిరుమల్‌వి అరవై ఏడున్నర. సగటు అరవై నాలుగున్నర.

"పోయింది పాపం," అన్నాడు తిరుమల్.

"ఆగండి," అన్నారు కామరాజు గారు. "డబ్బు లెక్కల్లో మేడం గారు నాలుగు, నేను తొమ్మిది. మాట్లాడుకోవాలిగా."

"ఎనిమిది నెలలు సున్నాలండీ!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. "మేడం గారూ, ముప్పై మూడేళ్లు అప్పులిచ్చాను. పండుగ సీజన్‌లో బతికే దుకాణాలకు, పెళ్లిళ్ల సీజన్‌లో బతికే టెంటుహౌసులకు, అందరికీ. ఒక్కడు కూడా నా ముందు సున్నా రాసి పెట్టలేదు. పన్నెండు నెలలూ అమ్మకాలు మెట్లెక్కినట్టు పైకి పోవాల్సిందే. అప్పు కావాలిగా మరి. తర్వాత గిరాకీ లేని నెలల్లో కిస్తీ కట్టలేక నా కంట పడకుండా బ్యాంకు వెనక గుమ్మంలోంచి వెళ్లేవారు." పట్టిక మీద వేలు పెట్టారు. "ఈ పిల్ల సున్నాలు రాసింది. రాసి, సున్నా నెలల్లో ఖర్చెంతో రాసింది. జూన్‌లో చేతిలో ఉన్నది నెలనెలా ఎలా కరుగుతుందో రాసింది. ఎక్కడ అడుగు తాకుతుందో రాసింది. లెక్క బాగుందా లేదా అన్నది మనం చూడాలి గాని, లెక్కలో తేలింది మనకు నచ్చిందా లేదా కాదుగా."

నేను మిగతా పదకొండు ప్రణాళికల పట్టికలు ఒక్కొక్కటీ తిప్పాను. నెలకు పది శాతం పెరుగుదల, నెలకు పన్నెండు శాతం పెరుగుదల. ఒకడు జులై వానల్లో ఐస్‌క్రీం అమ్మకాలు రెట్టింపు చేశాడు, వాడికి డబ్బు లెక్కల్లో నేను ఆరు వేశాను. మళ్లీ నవత తొమ్మిదో పేజీకి వచ్చాను. ఈసారి సున్నాలు వేరేగా కనిపించాయి. ఇరవై ఏళ్ల పిల్ల, ఆ డబ్బు కోసం వచ్చిన పిల్ల, నా మొహంలో చిరాకు చూస్తూ కూడా ఆ ఎనిమిది గడుల్లో ఒక్కదాంట్లోనూ ఒక్క రూపాయి అబద్ధం రాయలేదు. కామరాజు గారి ముందు మొహం దాచుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

నాలుగు కొట్టేసి ఎనిమిది వేశాను. కారణం రాశాను. తిరుమల్ ఫోన్‌లో లెక్క కట్టాడు. "మీవి అరవై మూడైనయి మేడం. సగటు..." ఆగాడు. "అరవై తొమ్మిది పాయింట్ ఒకటి ఏడు."

కామరాజు గారు కాగితం మీద మళ్లీ లెక్క కట్టి చూశారు.

"జెర పని జరుగుతుందా అన్నకాడ ఒక్క మార్కు పెంచుండ్రి మేడం," అన్నాడు తిరుమల్. "అయిదును ఆరు చెయ్యుండ్రి. నాలుగు పెరుగుతది మీకు, సగటు డెబ్బై దాటుతది. ఎవరికీ తక్లీఫ్ లేదు."

"నీకు దుకాణంలో కొలత మీద కొసరు ముక్క ఇచ్చే అలవాటేమో, నాకు లేదు," అన్నాను. పెంచడానికి నాకు కారణం కావాలి, గెలిపించాలన్న సరదా కారణం కాదు. ఎనిమిది నెలలు పని లేకపోతే ప్రణాళికలో జీతానికి పెట్టుకున్న కుట్టే మనిషి నిలవదు, మళ్లీ మార్చిలో కొత్త మనిషిని వెతుక్కోవాలి. అది నిజమైన లోపం. అయిదు అయిదే.

ఆ మాట గడిలో సరిగ్గా రాశానో లేదో చూద్దామని నా పత్రం దగ్గరికి లాక్కున్నాను. పని జరుగుతుందా అన్న అంశం పక్కన: "నాలుగు నెలలే పని, మిగతా ఏడాది ఖాళీ." డబ్బు లెక్కల పక్కన కొట్టేసిన కారణం: "నాలుగు నెలలే రాబడి, మిగతా ఏడాది ఖాళీ." మార్కెట్ పక్కన: "నాలుగు నెలలే గిరాకీ, మిగతా ఏడాది ఖాళీ."

పత్రం అడుగున లావు అక్షరాలు నన్నే చూస్తున్నాయి.

పదకొండేళ్లుగా అందరి చెవుల్లో ఊదిన మాట అది. ఒక లోపం, మూడు కోతలు, మూడూ నా చేతి రాతే. మార్కెట్ మార్కులో నాకూ తిరుమల్‌కూ తేడా సరిగ్గా మూడే. మూడుకు మించలేదు కాబట్టి ఎవరూ అడగరు. నేను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు, అమ్మాయి అరవై తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. నోరు మెదిపితేనేమో, సగటు తేలాక గెలిపించడానికే మార్చిందంటారు. తిరుమల్‌ను అప్పుడే కసురుకున్న నోటితో ఎలా చెప్పను?

"నేను మార్కెట్ దగ్గర తప్పు చేశాను," అన్నాను చివరికి. పత్రం వాళ్ల వైపు తిప్పాను. ఇద్దరూ మూడు కారణాలూ చదివారు. ఎవరూ నవ్వలేదు, అందుకు వాళ్లకు రుణపడి ఉంటాను. "కాని ఈమె ఒక్కదానికే సరిచేస్తే అన్యాయం. పన్నెండు పత్రాలూ చూడాలి. ఇంకెవరికైనా ఇలాగే చేశానేమో."

"ఇప్పుడా మేడం?" అన్నాడు తిరుమల్ గడియారం చూసుకుంటూ.

"ఇప్పుడే."

ముప్పావు గంట పట్టింది. ఇంకొకటి దొరికింది. హదస్సా అనే అమ్మాయి మిల్లెట్ బిస్కెట్ల ప్రణాళికలో పొయ్యి లేదన్న ఒక్క సంగతికి రెండు చోట్ల కోశాను. సరిచేశాను. సగటు యాభై ఎనిమిది నుంచి అరవైకి వెళ్లింది. ఆ అమ్మాయికి డబ్బు రాదు, కాని తప్పు తప్పే.

ఆ తర్వాత నవత మార్కెట్ అధ్యాయం మళ్లీ చదివాను. నిజానికి మొదటిసారి చదివాను, అంతకుముందు పేజీలు తిప్పాను, అంతే. అరవై ఒక్క కుటుంబాలతో మాట్లాడింది. నలభై నాలుగు కుటుంబాలు కిందటిసారి ఇల్లు మారినప్పుడు కర్టెన్లు వదిలేసి వచ్చాయి. కింద ఒక పేరా ఉంది. దాన్ని తిరుమల్‌కు చదివి వినిపించాను.

"పిల్లల గది కర్టెన్లు మాత్రం ఎవరూ వదిలిపెట్టరు. సైజు సరిపోకపోయినా మడత పెట్టి తీసుకుపోతారు. కొత్త ఇంట్లో పిల్లలు నిద్రపోవడానికి పాత కర్టెన్ కావాలని పద్నాలుగు మంది తల్లులు చెప్పారు. కాబట్టి ప్రతి ఇంటి లెక్కలోంచి ఒక కిటికీ తీసేశాను."

తిరుమల్ కుర్చీలో ముందుకు వంగాడు. "పద్దెనిమిదేండ్ల సంది కర్టెన్లు అమ్ముతున్న మేడం. మా నాయన సుత అమ్మిండు. గీ ముచ్చట మాకు తెల్వదు." పేజీ తన వైపు తిప్పుకున్నాడు. "ఒక కిటికీ తీసేసిందట. ఎవడన్న గిరాకీ తీసేస్తడా?"

అరవై ఒక్క గుమ్మాల్లో నిలబడి, అమ్మ కుట్టిన బట్టల మూట పక్కన పెట్టుకుని, ఈ పిల్ల అడగాల్సింది అడిగింది, వినాల్సింది విన్నది. విన్నది తనకు నష్టమైనా లెక్కలోకి తీసుకుంది. ఇరవై రెండేళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్న పాఠమంతా అదే. ఇంత నిండుగా ఎవరైనా చేస్తే ఎలా ఉంటుందో చూడటం నాకదే మొదలు. ప్రార్థనలో తప్ప ఇంకెక్కడా అంత చిన్నదాన్ని అనిపించలేదు నాకు.

ఆరు కొట్టేసి తొమ్మిది వేశాను. మొదటి అంశంలో అయిదును ముట్టుకోలేదు, కారణం మాత్రం తిరగరాశాను: "ఎనిమిది నెలల ఖాళీలో కుట్టే మనిషి నిలవకపోవచ్చు. దీనికి జవాబు ప్రణాళికలో లేదు." మార్కెట్ గడిలో ఇలా రాశాను: "ఒకే లోపానికి మూడు చోట్ల కోశాను. తప్పు నాది, విద్యార్థిది కాదు." నావి డెబ్బైన్నర అయ్యాయి. సగటు డెబ్బై ఒకటి పాయింట్ ఆరు ఏడు. ముగ్గురం సంతకాలు పెట్టాం.

వరండాలోకి వెళ్లి మూడు పేర్లు చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, కొందరు మొహాలు వేలాడేశారు, ఐస్‌క్రీం అబ్బాయి నన్ను తిట్టుకుంటూ వెళ్లాడు. బిక్షం నకళ్లు పంచాడు. నవత తన మూడు కాగితాలు తీసుకుని స్తంభం దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టింది. గెలిచిన పిల్ల ఎగరాలి కదా, ఫోన్ తీసి అమ్మకు చెప్పాలి కదా. ఆమె చదువుతోంది. చివరికి నా పత్రానికి వచ్చింది. కొట్టివేతలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

నేనే దగ్గరికి వెళ్లాను. "నేను ముందు తక్కువ వేశాను. చూశావు కదా."

"చూసిన మేడం." ఆమె వేలు కొట్టివేతల మీద లేదు. మొదటి అంశం మీద ఉంది. "గీ అయిదు కరెక్టే. నేనైతే నాలుగే ఏసుకున్న."

"ఏసుకున్నవా? అంటే?"

బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. నా పత్రమే. నోటీసు బోర్డు మీద పెట్టిన ఖాళీ నమూనాకు జిరాక్స్. దాంట్లో తన ప్రణాళికకు తనే మార్కులు వేసుకుంది. పని జరుగుతుందా: నాలుగు. డబ్బు లెక్కలు: ఏడు. మార్కెట్: ఎనిమిది. పక్కన మూడు గడుల్లోనూ కారణాలు, చిన్న అక్షరాలతో, మూడూ వేర్వేరు. కింద మొత్తం అరవైన్నర.

"అరవైన్నరా?" అన్నాను. "డెబ్బై దాటదని ముందే తెలుసా నీకు?"

"తెలుసు మేడం."

"మరి ఎందుకొచ్చినవ్?"

ఆమె నన్ను వింతగా చూసింది, ఇంత తెలిసిన విషయం ఎందుకు అడుగుతున్నారన్నట్టు. "ఓడిపోయినా కారణాలు రాసిస్తరు గద మేడం. ముగ్గురు పెద్దోళ్లు మొత్తం చదివి, ఎక్కడ తప్పుందో రాసిస్తరు. బయట నాకెవరు రాసిస్తరు? మా అమ్మకు ఎవరు రాసిచ్చిండ్రు?"

ఆమె కాగితాలు జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. అప్పుడు ఫోన్ తీసి, "అమ్మా" అంటూ మెట్ల వైపు వెళ్లింది. కామరాజు గారు ఆ సాయంత్రం ఆగండి అనకపోయి ఉంటే, ఆ పిల్ల కోరి వచ్చిన మూడు గడుల్లో నేను ఒకే మాట మూడుసార్లు రాసి చేతిలో పెట్టేదాన్ని.